డల్ నెలల్లో షాపు అద్దె తగ్గించమని ఓనర్ గారికి ఉత్తరం: నా డ్రాఫ్ట్ చూసి చెప్పండి

కాగితం_కలం

అందరికీ నమస్కారం. నాది స్టేషనరీ, స్కూల్ బ్యాగుల షాపు. ఈ చోట ఆరేళ్లుగా ఉన్నాను, అద్దె ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. స్కూళ్లు తెరిచే జూన్, జూలై నెలల్లో ఊపిరి తీసుకోవడానికి కూడా టైమ్ ఉండదు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం గిరాకీ పడిపోతుంది. ఏటా ఉండేదే కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి.

ఈ ఏడాది పరిస్థితి వేరు. మా పై అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్ ఆగస్టు చివర్లో ఖాళీ చేసింది. సాయంత్రం ఐదింటికి మెట్లు దిగుతూ పెన్నో, రీఫిల్లో, జిరాక్స్ పేపరో కొనే పిల్లలు ఇప్పుడు లేరు. నిన్న ఐదు నుంచి ఏడు దాకా కౌంటర్ దగ్గర కూర్చుంటే వచ్చింది నలుగురు. వచ్చే నాలుగు నెలలు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

ఓనర్ గారికి ఇవ్వడానికి ఈ ఉత్తరం రాసుకున్నాను:

"గౌరవనీయులైన అయ్యగారికి, నమస్కారములు. ప్రస్తుతం వ్యాపారం చాలా దెబ్బతిని తీవ్ర ఇబ్బందుల్లో ఉన్నాను. కుటుంబ పోషణ కూడా కష్టంగా మారింది. దయచేసి పెద్ద మనసుతో నా పరిస్థితి అర్థం చేసుకుని, వ్యాపారం మెరుగుపడే వరకు సగం అద్దె మాత్రమే తీసుకోవలసిందిగా కోరుతున్నాను. మీ మేలు మరువలేను."

ఇందులో ఏమైనా మార్చాలా?

బ్యాగుమోత

నాకూ ఇదే సమస్య అండి. మా ఇంటి ఓనర్ రెండేళ్లలో రెండుసార్లు అద్దె పెంచారు. చుట్టుపక్కల ఇళ్ల అద్దెలు కనుక్కుని, వాటికి సమానంగా తగ్గించమని అడగండి. మార్కెట్ రేటు చూపిస్తే కాదనలేరు. నేను అలా అడిగితే కొంత తగ్గించారు.

కాగితం_కలం

థాంక్స్ అండి. కానీ నాది షాపు, పైగా అద్దె ఎక్కువుందని నేను అనడం లేదు. ఈ చోటుకి ఇది న్యాయమైన అద్దే. నాలుగు నెలల వరకే అడుగుతున్నాను.

సూటిగా

ఉత్తరాలూ దండాలూ ఎందుకు బ్రదర్? ఒకటో తేదీన సగం పంపేయ్. ఆయన తీసుకుని ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టే. అడిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. పై అంతస్తు ఇప్పటికే ఖాళీగా ఉంది, నిన్ను కూడా పోగొట్టుకునే ధైర్యం ఆయనకు ఉండదు.

కుట్టుమెషిన్

అలా మాత్రం చేయొద్దండీ. నా అనుభవం చెప్తాను.

నాకు టైలరింగ్ షాపు ఉండేది. ఒక ఏడాది పనులు బాగా తగ్గితే ఓనర్ గారిని నోటితో అడిగాను. "సరేలేమ్మా, కొన్నాళ్లు తగ్గించి ఇవ్వు" అన్నారు. ఏడు నెలలు తగ్గించే ఇచ్చాను. ఆయన ఒక్క మాటా అనలేదు, మనిషి ఎదురుపడితే నవ్వుతూనే ఉన్నారు. రెండేళ్ల తర్వాత షాపు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ లెక్క కట్టిన కాగితం చేతిలో పెట్టారు. అందులో "అద్దె బకాయి, ఏడు నెలలు" అని ఒక లైన్. అడ్వాన్స్‌లో సగానికి పైగా అందులోనే పోయింది. "తగ్గించి ఇవ్వమన్నాను గానీ మిగతాది వద్దన్నానా?" అన్నారు. నా దగ్గర కాగితం లేదు. ఆయన అబద్ధం ఆడారని కూడా అనలేను, ఆ మాట అప్పుడు మేమిద్దరం అనుకోనేలేదు కదా.

మీ ఉత్తరంలో కూడా ఆ మాట లేదు. సగం తీసుకోమన్నారు సరే, మిగతా సగం ఏమవుతుంది?

పాత_ఫైలు

కుట్టుమెషిన్ గారు అసలు ముడి ఎక్కడుందో పట్టుకున్నారు. ఇరవై ఏళ్లు వాణిజ్య భవనాల అద్దె ఫైళ్లు చూసినవాణ్ణి. అద్దె తగ్గించమనే ఉత్తరాల్లో తర్వాత గొడవలకు దారితీసేవి రెండే. తగ్గించిన సొమ్ము మాఫీయా వాయిదాయా అన్నది రాయకపోవడం ఒకటి, ఏ తేదీతో ఆగిపోతుందో రాయకపోవడం రెండోది. మీ డ్రాఫ్ట్‌లో రెండూ లేవు. "మెరుగుపడే వరకు" అన్నారు. మెరుగుపడిందని చెప్పేదెవరు? మీ షాపులో నలుగురు కస్టమర్లు కనిపిస్తే ఆయనకు మెరుగుపడినట్టు ఉంటుంది, సాయంత్రం గల్లా చూసుకున్న మీకు ఉండదు.

దీని మీద ఒక పాత ఇంగ్లండ్ కేసు ఉంది, లా చదివినవాళ్లకు బాగా తెలిసినదే. లండన్‌లో హై ట్రీస్ అనే ఫ్లాట్ల భవనాన్ని 1937లో ఒక కంపెనీ ఏడాదికి 2,500 పౌండ్లకు లీజుకు తీసుకుంది. యుద్ధం రావడంతో ఫ్లాట్లు నిండలేదు. 1940లో భవనం యజమాని కంపెనీ అద్దెను సగానికి, అంటే 1,250కి తగ్గిస్తున్నట్టు కాగితం మీద రాసిచ్చింది. ఎప్పటివరకు అన్నది మాత్రం అందులో లేదు. 1945 నాటికి ఫ్లాట్లు నిండిపోయాయి, అద్దె మాత్రం సగమే వస్తోంది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ తగ్గింపు యుద్ధకాలపు ఇబ్బంది ఉన్నంతవరకే, ఫ్లాట్లు నిండినప్పటి నుంచి పూర్తి అద్దె కట్టాల్సిందే అని జడ్జి డెనింగ్ తీర్పు చెప్పారు. గడిచిన ఏళ్లలో తగ్గించిన సొమ్మును మాత్రం వెనక్కి అడగడం కుదరదని కూడా అన్నారు.

రెండు కంపెనీలు, రాసిన కాగితం ఉండి కూడా కోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. ఒక్క చివరి తేదీ రాసి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. చట్టం దేశానికో రకంగా ఉంటుంది, మీ దగ్గర కూడా ఇలాగే తీర్పు వస్తుందని చెప్పడం లేదు. ఆ లోపం ఎక్కడ ఉందో చూడమంటున్నాను.

సూటిగా గారూ, తక్కువ పంపితే, తీసుకుంటే ఒప్పుకున్నట్టే అన్నారు. చాలా అగ్రిమెంట్లలో దీనికి విరుగుడుగా ఒక క్లాజు ఉంటుంది: ఓనర్ ఎప్పుడైనా చూసీచూడనట్టు ఊరుకున్నా ఆయన హక్కు పోదని. అది ఉందంటే తక్కువ కట్టిన ప్రతి నెలా బకాయే. ఆలస్య రుసుము ఉంటే అదీ పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆరేళ్లుగా ఒక్క నెలా తప్పలేదన్న మాట ఆ రోజుతో పోతుంది. ఈయన దగ్గరున్న పెద్ద బలం అదే.

సూటిగా

క్లాజు సంగతి నాకు తెలియదు, అది ఒప్పుకుంటాను. కానీ ఖాళీ షాపు భయం ఓనర్లకు ఉంటుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నాలుగు_షట్టర్లు

నేను ఓనర్‌నే, నాలుగు షాపులు అద్దెకిచ్చాను. ఆ భయం ఉన్న మాట నిజం. కానీ పై అంతస్తు ఖాళీ అయిన ఓనర్‌కి భయంతో పాటు డబ్బు కటకట కూడా ఉంటుంది. ఆ భవనం మీద లోన్ ఉందనుకోండి, బ్యాంకు వాయిదా అదే తేదీకి కట్టాలి. ఒక అద్దె ఇప్పటికే ఆగిపోయింది. ఇప్పుడు కింద షాపు నుంచి సగమే వస్తుందంటే ఎన్ని నెలలో, మొత్తం ఎంతో తెలియకుండా ఆయన సరే అనలేడు. ఇలాంటి ఉత్తరం నాకు వస్తే మొదట వెతికేది మొత్తం ఎంత అనే. అది కనబడకపోతే మడిచి పక్కన పెడతాను. కోపంతో కాదు, ఏం జవాబు చెప్పాలో తెలియక.

కుటుంబ పోషణ మాట తీసేయండి. నాకూ జాలి కలుగుతుంది, కానీ దాని మీద లెక్క ఎలా కట్టను? ఆ మాట చదవగానే ఈయన మూసేసి వెళ్లిపోయేలా ఉన్నాడు, వేరే వాళ్లను చూసుకోవడం మంచిదేమో అని కూడా అనిపిస్తుంది.

ఇంకొకటి, సగమే ఎందుకు? మూడో వంతు ఎందుకు కాదు?

కాగితం_కలం

నిజం చెప్పాలంటే సగం అని ఊరికే రాశాను. ఎక్కువ అడిగితే కొంతైనా తగ్గిస్తారని.

పాత_ఫైలు

అయితే కూర్చుని లెక్క వేద్దాం. అసలు అంకెలు ఇక్కడ పెట్టకండి. గత ఏడాది మీ నెలసరి సగటు అమ్మకాన్ని వంద అనుకుని, మిగతావన్నీ ఆ కొలతలో చెప్పండి. డల్ నెలలో గత ఏడాది ఎంత, ఈ ఏడాది ఎంత, సరుకు మీద మిగిలేది ఎంత, అద్దె, జీతం, కరెంటు.

కాగితం_కలం

పుస్తకం తీసి చూశాను. గత ఏడాది సెప్టెంబరు, అక్టోబరు 70 దగ్గర ఉన్నాయి, ఆ తర్వాత ఫిబ్రవరి దాకా కూడా అంతే. ఈ సెప్టెంబరు 56. అక్టోబరు ఇంకా నాలుగు రోజులుంది, 55 దాకా వచ్చేలా ఉంది. సరుకు మీద నూటికి 30 మిగులుతుంది. అద్దె 12, అబ్బాయి జీతం 7, కరెంటు వగైరా 2.

పాత_ఫైలు

చాలు. గత ఏడాది డల్ నెలలో 70 అమ్మితే మీకు మిగిలింది 21. ఖర్చు 12, 7, 2 కలిపితే అదీ 21. అంటే ఆ నెలల్లో లాభం లేదు, చేతి నుంచి పడిందీ లేదు. ఈ ఏడాది 55 మీద మిగిలేది 16న్నర. ఖర్చు అదే 21. నెలకు నాలుగున్నర లోటు. మీ ఇంటి ఖర్చు ఇందులో కలపలేదు, ఉత్తరంలో కూడా కలపకండి. దాన్ని సీజన్ లాభంలోంచి చూసుకోవాల్సింది మీరు.

మీరు అడిగిన సగం అద్దె అంటే 6. లోటు నాలుగున్నర. లోటుకంటే ఎక్కువ అడుగుతున్నారన్నమాట. ఓనర్ గారు ఈ లెక్క వేయకపోవచ్చు గానీ వేస్తే ఉత్తరం మొత్తం మీద నమ్మకం పోతుంది. మూడో వంతు అడగండి, అంటే 4. మిగిలిన అర మీరు భరించండి, ఆ మాట ఉత్తరంలోనే చెప్పండి.

ఇప్పుడు నాలుగు_షట్టర్లు గారి ప్రశ్నకు వద్దాం. నాలుగు నెలల పాటు మూడో వంతు అంటే మొత్తం నలభై రోజుల అద్దె. అంకె ఇలా చెబితే ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. షాపు ఖాళీ అయితే కొత్త మనిషి దొరికేలోపు ఎన్ని రోజులు పోతాయో ఆయనకు పై అంతస్తే చెబుతోంది. సెప్టెంబరు, అక్టోబరు కలిపి దాదాపు అరవై రోజులు ఇప్పటికే పోయాయి. ఈ పోలిక మాత్రం ఉత్తరంలో రాయకండి, బెదిరింపులా ఉంటుంది. ఆయనే వేసుకుంటాడు.

నాలుగు_షట్టర్లు

లెక్క బాగుంది. ఓనర్‌గా నాకు వెంటనే వచ్చే అనుమానం ఇంకొకటి చెప్తాను. జూన్, జూలైలో అంత అమ్ముతారు కదా, ఆ డబ్బు ఏమైంది? ఏడాది మొత్తం మీద మీకు లాభమే కదా? మరి నేనెందుకు తగ్గించాలి?

కాగితం_కలం

న్యాయమైన ప్రశ్నే. ఆ డబ్బులో కొంత ఇంటికి, కొంత పాత అప్పుకి పోయింది. మిగిలింది వచ్చే సీజన్ సరుకుకి. బ్యాగులకు ఫిబ్రవరి నుంచే అడ్వాన్స్ కట్టాలి, లేదంటే జూన్‌లో మంచి సరుకు దొరకదు. ఆ డబ్బు ఇప్పుడు అద్దెకి వాడేస్తే సీజన్‌కి షాపులో సరుకు ఉండదు.

పాత_ఫైలు

ఈ జవాబే మీ ఉత్తరంలో లేనిది. ఇది మీరు ఎంత అడగాలో కాదు, ఏ రూపంలో అడగాలో చెబుతోంది. మీ ఇబ్బందిలో రెండు భాగాలున్నాయి. ఏటా డల్ నెలల్లో చేతిలో డబ్బు ఆడకపోవడం మీ వ్యాపారం తీరు. దానికి మాఫీ అడగడం సబబు కాదు, సీజన్‌లో తిరిగి ఇచ్చేలా వాయిదా అడగొచ్చు. పై అంతస్తు ఖాళీ కావడంతో 70 కాస్తా 55 అవడం మాత్రం మీ చేతుల్లో లేనిది, మామూలు సీజన్ తేడా కూడా కాదు. దానికి కొంత మాఫీ అడగొచ్చు.

అందుకని నలభై రోజుల్లో ఇరవై రోజుల అద్దె జూన్, జూలైలో తిరిగి ఇస్తాను, ఇరవై రోజులది వదిలేయండి అనండి. జూన్‌లో అద్దెతో పాటు పది రోజులది, జూలైలో ఇంకో పది రోజులది. ఆ రెండు నెలల అమ్మకం ముందు అది పెద్ద బరువు కాదు. వదిలేసే ఇరవై రోజులకు బదులుగా ఏదో ఒకటి ఇవ్వండి. ఊరికే వదిలేస్తానన్న మాటను కొన్ని చోట్ల చట్టం గట్టిగా పట్టించుకోదు. బదులు ఏదైనా ఉంటే అది ఒప్పందం అవుతుంది. మీ అగ్రిమెంట్ ఎప్పటివరకు ఉంది?

కాగితం_కలం

వచ్చే ఏడాది ఆగస్టు దాకా. ఇంకో ఏడాది పొడిగించడానికి నాకు అభ్యంతరం లేదు, ఎలాగూ ఇక్కడే ఉండాలని.

సూటిగా

ఇంకో సులువైన దారి ఉంది కదా. అడ్వాన్స్‌లోంచి కోసుకోమనండి. ఆయన జేబులోంచి ఏమీ పోదు, మీకూ నాలుగు నెలలు గడుస్తాయి.

నాలుగు_షట్టర్లు

కుదరని పనేమీ కాదు, కొందరు ఒప్పుకుంటారు. కానీ చాలామంది ఓనర్లు ఆ అడ్వాన్స్‌ని బీరువాలో పెట్టుకుని కూర్చోరు, భవనానికో లోనుకో వాడేసి ఉంటారు. వాళ్లకు అది కాగితం మీద అంకె. నెల అద్దె బదులు అడ్వాన్స్ కోసుకోమంటే ఆయన చేతికి రావలసిన డబ్బు రాకుండా పోయినట్టే. అదీగాక గోడలు పాడైనా, బిల్లు ఎగ్గొట్టినా ఆసరా అదే కాబట్టి, కోసినంత మళ్లీ కట్టి నింపమంటారు. అప్పుడది కూడా వాయిదానే అవుతుంది, పేరు మారుతుందంతే.

కుట్టుమెషిన్

నాకొక సందేహం. అమ్మకాల లెక్క చూపించాలంటున్నారు. నేను రెండో షాపు పెట్టినప్పుడు అలాగే మొత్తం పుస్తకం చూపించాను. పెళ్లిళ్ల నెలల్లో నాకెంత వస్తుందో ఆ ఓనర్ చూశారు. రెన్యువల్ నాడు "మీకు అంత వస్తోంది కదా" అని అద్దె పెంచారు. ఈయనకు జూన్, జూలై లెక్క చూపిస్తే అలా కాదా?

పాత_ఫైలు

డల్ నెలలు మాత్రమే చూపిస్తే చాలనుకుంటాను. గత ఏడాది సెప్టెంబరు, ఈ ఏడాది సెప్టెంబరు, అలాగే అక్టోబరు. నాలుగు అంకెలు, అకౌంటెంట్ సంతకంతో. ఈయన తగ్గింపు అడుగుతున్నది డల్ నెలలకే కదా.

నాలుగు_షట్టర్లు

ఇక్కడ మీతో ఏకీభవించలేను. నాకు నాలుగు అంకెలే ఇస్తే మిగతావి ఎందుకు దాచారు అనుకుంటాను. సీజన్‌లో తిరిగి ఇస్తానంటున్నాడు కదా, ఇవ్వగలడని నాకెలా తెలుస్తుంది? సీజన్ అమ్మకం చూపిస్తేనే కదా.

కుట్టుమెషిన్

మీ వైపు నుంచి అది నిజమే అయ్యుండొచ్చు. నేను మాత్రం ఇంకోసారి చూపించను.

కాగితం_కలం

నాలుగు అంకెలు ఉత్తరంతో ఇస్తాను, మిగతావి అడిగితే పుస్తకం తెచ్చి ఎదురుగా చూపిస్తాను, కాపీ మాత్రం ఇవ్వను. అలా అయితే నాకు సమ్మతంగా ఉంది. రాత్రి కూర్చుని మళ్లీ రాశాను:

"గౌరవనీయులైన ఓనర్ గారికి, నమస్కారం.

మీ భవనంలో ఆరేళ్లుగా షాపు నడుపుతున్నాను. ఇంతవరకు అద్దె ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు. ఈ నెల అద్దె కూడా పూర్తిగా చెల్లించాను.

పై అంతస్తులో కోచింగ్ సెంటర్ ఆగస్టులో ఖాళీ చేసిన తర్వాత షాపు అమ్మకం గత ఏడాది ఇవే నెలలతో పోలిస్తే ఐదో వంతు తగ్గింది. రెండేళ్ల సెప్టెంబరు, అక్టోబరు అమ్మకాల వివరం అకౌంటెంట్ సంతకంతో జతపరిచాను. ఈ లెక్కన ఫిబ్రవరి వరకు ప్రతి నెలా ఖర్చులకు లోటు వస్తుంది. ఆ లోటులో కొంత నేను భరిస్తాను. మిగతాదానికి మీ సహకారం కోరుతున్నాను.

నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి తేదీ వరకు, ఈ నాలుగు నెలలు మాత్రమే, నెల అద్దెలో మూడో వంతు తగ్గించమని నా అభ్యర్థన. మొత్తం మీద ఇది నలభై రోజుల అద్దె. ఇందులో ఇరవై రోజుల అద్దెను జూన్, జూలై నెలల అద్దెతో కలిపి రెండు సమాన భాగాలుగా తిరిగి చెల్లిస్తాను. మిగతా ఇరవై రోజుల అద్దెను మాఫీ చేయమని, దానిని బకాయిగా పరిగణించవద్దని కోరుతున్నాను. అందుకు బదులుగా అగ్రిమెంట్‌ను ఇవే షరతులతో మరో ఏడాది పొడిగించి, ఆ కాలంలో ఖాళీ చేయనని రాసిస్తాను.

మార్చి 1 నుంచి యథాప్రకారం పూర్తి అద్దె చెల్లిస్తాను. మీకు వీలైన రోజున వచ్చి మాట్లాడతాను. మీరు అంగీకరిస్తే ఇద్దరం సంతకం చేసేలా ఒక పేజీ కాగితం సిద్ధం చేస్తాను. అంతవరకు అద్దె పూర్తిగానే చెల్లిస్తాను."

నాలుగు_షట్టర్లు

దీనికి నేనైతే జవాబు ఇస్తాను. ఒక్క మాట కలపండి. మా అగ్రిమెంట్లలో ఏటా అద్దె కొంత శాతం పెరుగుతుంది. మీకూ అలా ఉంటే, ఆ పెంపు తగ్గించిన అద్దె మీద కాదు, అసలు అద్దె మీదే లెక్క అని రాయండి. మీకు ఖర్చు లేదు, ఆయన మనసులో ఉన్న ఒక పెద్ద భయం పోతుంది. ఇంకొకటి, పక్క షాపుల వాళ్లకు చెప్పనని నోటితో అనండి. ఒకరికి తగ్గించామంటే మర్నాడు అందరూ వస్తారు.

ఈ ఉత్తరం అబ్బాయి చేత పంపకండి. మీరే వెళ్లి చేతికి ఇవ్వండి. చదివాక ఆయన ముఖం చూస్తే ఏ లైన్ దగ్గర ఆగారో తెలుస్తుంది.

పాత_ఫైలు

పెంపు మాట మంచిది. "ఇవే షరతులతో పొడిగించి" అన్న చోట ఒక్క నిమిషం ఆలోచించండి. పై అంతస్తులోకి ఎవరూ రాకపోతే మీరు ఇంకో ఏడాది అదే అద్దెకు కట్టుబడిపోతారు. ఆగస్టులోగా పై అంతస్తు నిండకపోతే అద్దె గురించి మళ్లీ మాట్లాడుకుందాం అని ఒక వాక్యం అడగొచ్చు. ఒప్పుకుంటారో లేదో తెలియదు.

మీ అగ్రిమెంట్‌లో ఎవరైనా జామీను సంతకం పెట్టారా? ఉంటే కొత్త కాగితం మీద వాళ్ల సంతకం కూడా తీసుకోవడం మంచిది. షరతులు వాళ్లకు తెలియకుండా మారితే జామీను చెల్లుతుందా అన్న ప్రశ్న వస్తుంది, ఓనర్ గారి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే.

కాగితం_కలం

మా బావగారు పెట్టారు. ఆయనకు ఇంతవరకు ఏమీ చెప్పలేదు. ఈ రోజే ఫోన్ చేస్తాను.

బ్యాగుమోత

ఇంతసేపూ చదివాక అర్థమైంది, నా మొదటి సలహా మీ విషయానికి కాదు. ఒకటి అడుగుతాను. ఓనర్ గారు వాట్సాప్‌లో "సరే" అని పెడితే సరిపోదా? సంతకాల కాగితం ఎందుకు?

పాత_ఫైలు

అగ్రిమెంట్ చూడాలి. ఇద్దరి సంతకాలతో రాతపూర్వకంగా తప్ప మార్పు చెల్లదని అందులో ఉంటే వాట్సాప్ మీద ఆధారపడలేం. అలాంటి మాట లేకపోతే ఏమీ లేనిదానికంటే నయం. కానీ దేనికి సరే అన్నారో ఆ మెసేజ్‌లోనే ఉండాలి. "సరే చూద్దాం" మాత్రం అంగీకారం కాదు, అది చాలామంది అంగీకారం అనుకుంటారు.

కాగితం_కలం

నిన్న సాయంత్రం వెళ్లి కలిశాను. ఉత్తరం ఆయన రెండుసార్లు చదివారు. నాలుగు_షట్టర్లు గారు చెప్పినట్టే చూస్తూ కూర్చున్నాను. "నలభై రోజులు" దగ్గర ఆగి వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. కోపం లేదు. సీజన్ అమ్మకం ఎంత అని అడిగారు. పుస్తకం తీసుకెళ్లాను కాబట్టి జూన్, జూలై పేజీలు చూపించాను. కుట్టుమెషిన్ గారూ, మీ మాట గుర్తొచ్చింది గానీ ఎదురుగా అడిగాక లేదనలేకపోయాను.

ఆయన అన్నది ఇది: మూడో వంతు తగ్గింపుకి అభ్యంతరం లేదు, నాలుగు నెలలూ సరే, పెంపు అసలు అద్దె మీద అన్న మాట బాగుంది. కానీ మాఫీ ఇష్టం లేదు, మొత్తం నలభై రోజులూ సీజన్‌లో తిరిగి ఇవ్వమంటున్నారు. ఇరవై రోజులు వదిలేయాలంటే పొడిగింపు ఒక ఏడాది కాదు, రెండేళ్లు కావాలట. పై అంతస్తు నిండకపోతే మళ్లీ మాట్లాడుకుందాం అన్న వాక్యానికి ఒప్పుకోలేదు. రెండు రోజుల్లో చెప్పమన్నారు.

సూటిగా

రెండేళ్లు తీసుకో. ఎలాగూ అక్కడే ఉంటానన్నావు.

కుట్టుమెషిన్

నేనైతే మాఫీ వదులుకుంటాను. ఇరవై రోజుల అద్దె కోసం రెండేళ్లు కట్టుబడటం, అదీ పైన ఎవరు వస్తారో తెలియకుండా, నాకు భయంగా ఉంది.

పాత_ఫైలు

మొత్తం తిరిగి ఇవ్వాలంటే జూన్, జూలైలో నెలకు ఇరవై రోజుల అద్దె అదనంగా పడుతుంది. మీ కొలతలో అద్దె 12 అయితే ఆ రెండు నెలలూ 20 కట్టాలి. సీజన్ అమ్మకం ఎప్పటిలాగే ఉంటే కట్టగలరు. స్కూల్ బ్యాగులు కొనేవాళ్లు కోచింగ్ పిల్లలు కాదు కదా, కాబట్టి పై అంతస్తు ప్రభావం ఆ నెలల మీద అంతగా ఉండకపోవచ్చు. ఇంకో మధ్య మార్గం, ఆ నలభై రోజులను జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు భాగాలుగా ఇస్తానని అడగడం. కానీ సెప్టెంబరు మీకు మళ్లీ డల్ నెలే, అగ్రిమెంట్ కూడా ఆగస్టుతోనే అయిపోతుంది. అందుకే ఆగస్టుకు మించి లాగకండి.

నాలుగు_షట్టర్లు

పది రోజులు మాఫీ, ముప్ఫై రోజులు వాయిదా, పొడిగింపు ఏడాది. ఒకసారి ఇలా అడిగి చూడండి. ఆయన రెండేళ్లు అన్నది బేరానికేనని నాకనిపిస్తోంది.

కాగితం_కలం

ఈ రోజు ఒకటో తేదీ. బావగారు ఊళ్లో లేరు, ఆదివారం వస్తారు, ఆయన సంతకం లేకుండా కాగితం పూర్తి కాదు. అందుకని నవంబరు అద్దె పూర్తిగా కట్టేశాను. రసీదు మీద "తగ్గింపు గురించి మాట్లాడుతున్నాం, ఒప్పందం కుదిరితే ఈ నెల తేడా డిసెంబరు అద్దెలో సర్దుబాటు" అని రాయమంటే ఓనర్ గారు రాసి సంతకం పెట్టారు. పది, ముప్ఫై మాట కూడా అడిగాను. ఇంట్లో అడిగి చెప్తానన్నారు.